ముందు పక్కకు, తర్వాతే కిందికి

అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ పక్కన ఒక బోర్డు కనిపిస్తుంది. మంటలు వస్తే లిఫ్ట్ ఎక్కవద్దు, మెట్ల మీదుగా దిగండి అని దాని సారాంశం. ఏడో అంతస్తులో వీల్‌చైర్‌లో తిరిగే తాతయ్యకు ఆ బోర్డు దారి చూపదు. మోకాళ్లు అరిగిపోయి, రెండు మెట్లు దిగితే ఆయాసపడే నానమ్మకూ చూపదు. వాళ్లను ఎలా తీసుకెళ్లాలన్నది ఇంట్లోవాళ్లు అప్పటికప్పుడు తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ కంగారులో చాలామందికి తోచేది ఒక్కటే: ఎత్తుకుని కిందికి పరుగెత్తడం.

అది మొదట చేయాల్సిన పని కాదు, చాలాసార్లు చివరిగా చేయాల్సిన పని. మెట్లు దిగలేని మనిషిని ముందు అదే అంతస్తులో పొగ లేని చోటికి, అంటే పక్కకు తప్పించాలి. పక్కకు వెళ్లాక దొరికే కొద్ది నిమిషాల్లోనే మిగతా నిర్ణయాలు తీసుకోవాలి. అక్కడే ఆగాలా, కిందికి దించాలా, దించితే ఎవరు ఎక్కడ పట్టుకోవాలి అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

పొగ ఎటు పోతుందో తెలిస్తే

అగ్నిప్రమాదాల్లో ఎక్కువమంది ప్రాణాలు తీసేది మంట కాదు, పొగ. 2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములకు నిప్పంటుకుంది. ఆ ప్రమాదంలో కనీసం 9 మంది చనిపోయారు. మంట పుట్టింది కింద, ప్రాణాలు పోయింది పైన నివసించేవాళ్లవి. పై అంతస్తుల్లో చిక్కుకున్న కొందరిని ఫైర్ సిబ్బంది నిచ్చెనలు వేసి దింపాల్సి వచ్చింది.

వేడి పొగ పైకి పోతుంది. మెట్ల దారి, లిఫ్ట్ గుంత, కరెంటు తీగలు వెళ్లే షాఫ్ట్, పైపుల డక్ట్ అన్నీ నిలువుగా తెరిచి ఉన్న గొట్టాలే. కింద పార్కింగ్‌లో పుట్టిన పొగ మనిషి ఎక్కగలిగే వేగం కంటే చాలా వేగంగా వాటిలోంచి పై అంతస్తులకు చేరుతుంది. లిఫ్ట్ వద్దనడానికి కారణం అదే. కరెంటు పోతే మధ్యలో ఆగిపోవచ్చు. ఆగకపోయినా మంటలున్న అంతస్తులోనే తలుపు తెరుచుకోవచ్చు.

అందుకే మనిషిని ఎత్తే ముందు మెట్ల దారిని చూడాలి. ముందుగా ఫ్లాట్ తలుపును, గొళ్లేన్ని వేళ్ల వెనుక భాగంతో తాకి చూడండి. వేడిగా ఉంటే తెరవకూడదు. చల్లగా ఉంటే కొద్దిగా తెరిచి చూడండి. కారిడార్‌లో పొగ కమ్ముకుని ఉంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా ఆ దారిన వెళ్లకూడదు. ఇక ఒక మనిషిని మోస్తున్నవాళ్లు బరువు వల్ల ఎక్కువ గాలి పీలుస్తారు, నెమ్మదిగా నడుస్తారు, ఊపిరాడకపోతే మోస్తున్న మనిషితో సహా మెట్ల మీద పడిపోతారు.

ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే పొగలోంచి దాటిపోవచ్చన్న నమ్మకం చాలామందిలో ఉంది. తడిగుడ్డ మసిని కొంతవరకు ఆపుతుంది. మనిషిని స్పృహ తప్పించి చంపే కార్బన్ మోనాక్సైడ్‌ను అది ఆపలేదు. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. తడిగుడ్డ వాడాల్సింది తలుపు కింది సందులో. బయటి పొగ లోపలికి రాకుండా అక్కడది బాగా పనిచేస్తుంది.

మీ రిఫ్యూజ్ ఏరియా ఎక్కడుంది?

ఎత్తయిన భవనాల్లో మంటల సమయంలో వచ్చి నిలబడటానికి కేటాయించిన చోటును రిఫ్యూజ్ ఏరియా అంటారు. మన దేశంలో దీని గురించి 2016 నాటి జాతీయ భవన నియమావళి నాలుగో భాగం వివరంగా చెబుతుంది. 24 మీటర్లు దాటిన భవనాల్లో 24 మీటర్ల ఎత్తున గానీ, దానికి వెంటనే పైన గానీ ఒకటి, ఆపైన సుమారు ప్రతి 15 మీటర్లకు ఒకటి ఉండాలి. అది భవనం అంచున, కనీసం ఒకవైపు గాలికి తెరుచుకుని, రెయిలింగ్‌తో ఉండాలి. విస్తీర్ణం 15 చదరపు మీటర్లకు తగ్గకూడదు. మనిషికి 0.3 చదరపు మీటరు చొప్పున లెక్కగట్టి, వీల్‌చైర్ కోసం అదనంగా 0.9 చదరపు మీటరు చేర్చాలి. తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, అత్యవసర దీపాలు, కింది కంట్రోల్ గదితో మాట్లాడే ఏర్పాటు ఉండాలి. అక్కడ సామాన్లు పెట్టకూడదు.

అయితే మామూలు ఫ్లాట్లలో ఉండేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మినహాయింపు ఒకటి అదే నియమావళిలో ఉంది. బాల్కనీ ఉన్న ఫ్లాట్లకు, భవనం 60 మీటర్లు దాటితే తప్ప, విడిగా రిఫ్యూజ్ ఏరియా అక్కర్లేదు. 60 మీటర్లు దాటిన వాటిలో ఆ ఎత్తున ఒకటి, ఆపైన ప్రతి 30 మీటర్లకు ఒకటి ఉంటే చాలు. 60 మీటర్లంటే సుమారు ఇరవై అంతస్తులు. అంటే హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో మనం రోజూ చూసే పది, పన్నెండు, పదిహేను అంతస్తుల అపార్ట్‌మెంట్లలో చాలావాటికి రిఫ్యూజ్ ఏరియా ఉండకపోవచ్చు. అలాంటి చోట మీ బాల్కనీయే మీ రిఫ్యూజ్ ఏరియా.

నియమావళి బాల్కనీని నమ్ముకుంది. మనమేమో పావురాల కోసం వల, దొంగల కోసం ఇనుప గ్రిల్, దుమ్ము కోసం అద్దాల తలుపులు బిగించి దాన్ని మూసేశాం. మిగిలిన చోట వాషింగ్ మెషీన్, పాత అట్టపెట్టెలు, అదనపు గ్యాస్ సిలిండర్ పెట్టాం. వీల్‌చైర్ వెళ్లాలంటే అడ్డుగా స్లైడింగ్ తలుపు పట్టా ఒకటి. ఇంట్లో మెట్లు దిగలేని మనిషి ఉంటే మొదట బాగుచేయాల్సింది ఆ బాల్కనీనే. గ్రిల్‌లో మనిషి పట్టేంత భాగాన్ని లోపలి నుంచి తెరుచుకునేలా చేయించాలి. దానికి తాళం వేస్తే తాళంచెవి అక్కడే, పిల్లలకు అందని ఎత్తులో, వేలాడదీయాలి. సిలిండర్‌నూ అట్టపెట్టెలనూ తీసేయాలి. తలుపు పట్టా మీదుగా చక్రాలు వెళ్లేలా చిన్న చెక్కవాలు అమర్చాలి. ఫ్లాట్ ముఖద్వారం గడపకూ అలాంటిదే కావాలి. మామూలు రోజుల్లో ఇద్దరు పట్టి దాటించే గడప, ఒక్కరే ఉన్నప్పుడు గోడలా అడ్డుపడుతుంది.

బాల్కనీకి ఒక పరిమితి ఉంది. సరిగ్గా కింది ఫ్లాట్‌లో మంటలుంటే అవి కిటికీలోంచి బయటికి వచ్చి పైబాల్కనీని తాకుతాయి. అప్పుడు మరోవైపున్న గది గానీ, అదే అంతస్తులో భవనానికి ఆవలి వైపున్న పొరుగువారి ఫ్లాట్ గానీ కావాలి. అందుకే ఆ పొరుగువారితో ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

విడిగా రిఫ్యూజ్ ఏరియా ఉన్న టవర్లలో ఉండేవాళ్లు ఒకసారి స్వయంగా అక్కడికి వెళ్లి చూడాలి. తాళం వేసి ఉందా, ఫంక్షన్లకు వాడుతున్నారా, పాత ఫర్నిచర్ నింపారా అన్నది గమనించాలి. మీ అంతస్తు నుంచి అక్కడికి ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టాలి. రిఫ్యూజ్ ఏరియా ఎనిమిదో అంతస్తులో ఉంటే, పదకొండులో ఉండే మనిషిని అక్కడికి చేర్చడానికి మూడు అంతస్తులు మోయాలి. కాగితం మీద ఉన్న ఆ చోటు ఆయనకు అందుబాటులో ఉన్నట్టు కాదు.

ఒక ఇంటి లెక్క

ఒక కుటుంబాన్ని ఊహించుకుని చూద్దాం. స్టిల్ట్ పార్కింగ్ మీద పన్నెండు అంతస్తుల భవనం, రెండు చివర్లా రెండు మెట్ల దారులు. ఏడో అంతస్తులో వీళ్ల ఫ్లాట్. తాతయ్యకు 78 ఏళ్లు, 62 కిలోలు. పక్షవాతం వల్ల కుడి కాలూ చెయ్యీ పట్టులో లేవు. నానమ్మకు 73, చేతికర్రతో నడుస్తుంది. కొడుకు, కోడలు ఉద్యోగస్తులు. మనవరాలు ఇంటర్ చదువుతోంది. పగలు వంటపని చేసే అమ్మాయి వస్తుంది.

ఈ ఇంట్లో మొదట రాసుకోవాల్సింది ఏ వేళలో ఎంతమంది ఉంటారన్నది. రాత్రి బలమున్నవాళ్లు ముగ్గురు. ఉదయం పదకొండింటికి ఒక్కరు, ఆ పనమ్మాయి. అందువల్ల ఒకే ప్రణాళిక సరిపోదు. ఉదయం పదకొండింటి ప్రణాళికలో మోయడం అనే మాటే ఉండకూడదు. ఒక్కరే 62 కిలోల మనిషిని ఏడంతస్తులు దించలేరు. మధ్యలో ఆగిపోతే మెట్ల మీద, పొగ వచ్చే చోట, ఇద్దరూ చిక్కుకుంటారు.

ఇప్పుడు మంట ఎక్కడుందన్నది చూడాలి. మూడో అంతస్తు కరెంటు షాఫ్ట్‌లో షార్ట్ సర్క్యూట్ అయి, ఆ చివరి మెట్ల దారిలో పొగ నిండిందనుకుందాం. ఏడో అంతస్తు ఫ్లాట్‌లో ఇంకా గాలి బాగానే ఉంది. పనమ్మాయి ముఖద్వారం మూసి, కింది సందులో తడి తువ్వాలు కూరాలి. తాతయ్యనూ నానమ్మనూ షాఫ్ట్‌కు ఆవలివైపున్న పడకగదికి చేర్చి, ఆ గది తలుపు కూడా మూసి, అక్కడి బాల్కనీ తెరవాలి. అంటే మంటకూ వాళ్లకూ మధ్య రెండు మూసిన తలుపులు. తర్వాత 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి. పక్కకు తప్పించడం అంటే ఇదే. ఇందులో ఎత్తే పని లేదు.

అదే మంట వీళ్ల వంటింట్లోనే పుడితే లోపల ఉండకూడదు. వీల్‌చైర్ చక్రాల బ్రేకులు తీసి, తాతయ్యను కారిడార్‌లోకి తోసుకువెళ్లి, నానమ్మ కూడా బయటికి రాగానే ఫ్లాట్ తలుపు లాగి మూసేయాలి. తలుపు తెరిచి వదిలేస్తే ఇంటి మంట అంతస్తు మంట అవుతుంది. డబ్బులు, బంగారం, మందుల సంచీ కోసం వెనక్కి వెళ్లకూడదు. కారిడార్ ఆవలి చివరి పొరుగు ఫ్లాట్ గానీ, ఆ చివరి మెట్ల గది గానీ గమ్యం. మెట్ల గదికి ఫైర్ డోర్ ఉంటే దాని అవతలికి చేరగానే తలుపు దానంతటదే మూసుకోవాలి. తెరిచి ఉండటానికి ఎవరైనా దానికి ఇటుక అడ్డం పెట్టి ఉంటే ఆ తలుపు ఉన్నా లేనట్టే.

రాత్రి పూట, ముగ్గురూ ఇంట్లో ఉండి, మెట్ల దారి శుభ్రంగా ఉంటే దించడం సాధ్యమే. మంట మీ అంతస్తులోనే ఉన్నా, దాన్ని దాటి రెండు మూడు అంతస్తుల కిందికి చేరితే చాలావరకు గండం గడిచినట్టే. ఎందుకంటే పొగ పైకే పోతుంది. వెంటనే నేల దాకా మోయక్కర్లేదు. ఏడో అంతస్తు నుంచి నాలుగో అంతస్తు ల్యాండింగ్‌కు చేర్చి, అక్కడ ఊపిరి తీసుకుని, సాయం వచ్చాక మిగతాది దిగవచ్చు. డాబా మీదికి వెళ్లడం మాత్రం ఆఖరి మాట. పైకి మోయడం ఇంకా కష్టం, పొగ కూడా అటే వస్తుంది, డాబా తలుపుకు తరచూ తాళం ఉంటుంది.

ఎలా పట్టుకోవాలి, ఎలా దించాలి

నానమ్మ నడవగలదు కాబట్టి ఆమెను మోయకుండానే దించవచ్చు. దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు కింది మెట్టు మీద పెట్టాలి, బాగున్న కాలు తర్వాత రావాలి. ఒక చెయ్యి రెయిలింగ్ మీద, రెండో చేతిలో కర్ర. తోడున్నవాళ్లు ఆమె కంటే ఒక మెట్టు కింద, కొంచెం పక్కగా నడవాలి. కాళ్లు వణికితే సిగ్గుపడకుండా మెట్టు మీద కూర్చుని, చేతులు ఆనించి ఒక్కో మెట్టూ జరుగుతూ దిగవచ్చు. నెమ్మదే గానీ పడే ప్రమాదం తక్కువ. ఆమె గోడవైపు ఉంటే వెనుక నుంచి వేగంగా దిగేవాళ్లకు దారి ఉంటుంది.

తాతయ్య విషయంలో, ఇంట్లో ఉన్న వస్తువులతో చేయగలిగిన వాటిలో నమ్మదగినది కుర్చీ మోత. చేతులు లేని గట్టి చెక్క కుర్చీ గానీ ఇనుప కుర్చీ గానీ కావాలి. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, వంచి పట్టుకుంటే కాళ్లు విచ్చుకుని విరుగుతుంది. ఆయన్ను కూర్చోబెట్టి ఛాతీ చుట్టూ ఒక చున్నీ, తొడల మీదుగా ఇంకొకటి కుర్చీకి కట్టాలి. పట్టులేని కుడి చెయ్యిని ఒళ్లో పెట్టి, ఆ చున్నీ లోపలికే రానివ్వాలి. వేలాడే చెయ్యి రెయిలింగ్‌కు తగిలి విరుగుతుంది. పక్షవాతం వచ్చిన భుజం వదులుగా ఉంటుంది కాబట్టి ఆ చెయ్యి పట్టి లాగడం, ఆ చంకలో చెయ్యి వేసి లేపడం ఎప్పుడూ చేయకూడదు.

మోసేవాళ్లలో బలమైనవారు వెనుక, అంటే పై మెట్టు మీద ఉండి కుర్చీ వీపును పట్టుకోవాలి. రెండోవారు ముందు, కింది మెట్టు మీద, తాతయ్య ముఖం చూస్తూ కుర్చీ ముందు కాళ్లను కిందికంటా పట్టుకోవాలి. కుర్చీ వెనక్కి వాలి ఉండాలి, తాతయ్య ముఖం దిగే వైపు ఉండాలి. ముందున్నవారు వెనక్కి నడుస్తున్నారు కాబట్టి మూడోమనిషి వారి నడుము మీద చెయ్యి వేసి, మెట్టు మెట్టుకూ చెబుతూ దిగాలి. ఈ ఇంట్లో ఆ పని మనవరాలిది. ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచాలి. ఆజ్ఞ ఒక్కరి నోటి నుంచే రావాలి, ఇక్కడ వెనుకున్న కొడుకుది: "నాన్నా, మూడు అనగానే లేపుతాం. నువ్వు రెయిలింగ్ పట్టుకోకు." ఈ చివరి మాట ముఖ్యం. మోయబడే మనిషి భయంతో రెయిలింగ్ పట్టుకుంటే మోసేవాళ్ల నిలకడ ఒక్కసారిగా తప్పుతుంది. ప్రతి ల్యాండింగ్‌లోనూ కుర్చీ దించి, చేతులు మార్చుకోవాలి. అలసట వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి.

కుర్చీ దొరకకపోతే, లేదా మలుపు ఇరుకైతే ముందూవెనకా పట్టు ఉంది. ఒకరు వెనుక నుంచి రెండు చంకల కిందుగా చేతులు పోనిచ్చి ఆయన ఛాతీ ముందు పట్టుకోవాలి, రెండోవారు ఆయన మోకాళ్ల కింద పట్టుకోవాలి. పక్షవాతం ఉన్న భుజానికి ఇది మంచిది కాదు కాబట్టి తాతయ్యకు ఒక మెట్ల వరుసకు మించి వాడకూడదు. ఇద్దరు ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని చేతులతో పీట అల్లి కూర్చోబెట్టే పద్ధతి చదును నేల మీద బాగుంటుంది. మెట్ల మీద ముగ్గురు పక్కపక్కన పట్టాలంటే చాలా అపార్ట్‌మెంట్ల మెట్ల వెడల్పు సరిపోదు.

ఒక్కరే ఉన్నప్పుడు, ఒకే అంతస్తులో జరపాలంటే దుప్పటి చాలు. మనిషిని పక్కకు తిప్పి, గట్టి దుప్పటి పరిచి, దాని మీదికి దొర్లించి, తల వైపు అంచు చుట్టి పట్టుకుని కొంచెం పైకెత్తి వెనక్కి నడుస్తూ లాగాలి. నేల దగ్గర పొగ తక్కువగా ఉంటుంది కాబట్టి ఆయనకూ గాలి అందుతుంది. భుజం మీద వేసుకుని పరుగెత్తడం సినిమాల్లో కనిపించే పద్ధతి. అందులో మోసేవాళ్ల తలా, మోయబడేవారి ఛాతీ పొగ పొర ఎత్తులో ఉంటాయి. ఒక చెయ్యి అయినా రెయిలింగ్ కోసం ఖాళీగా ఉండదు.

వీల్‌చైర్‌ను అలాగే దించవచ్చా? మడిచే మామూలు చేతి వీల్‌చైర్‌ను అయితే, ముగ్గురు నలుగురు ఉంటే దించవచ్చు. వెనుకున్నవారు హ్యాండిళ్లను పట్టుకుని వెనక్కి వాల్చి, పెద్ద చక్రాలను ఒక్కో మెట్టు మీద దింపుతారు. ముందున్నవారు చట్రాన్ని పట్టుకుంటారు. ఫుట్‌రెస్ట్‌నూ చేతుల ఆనికలనూ పట్టుకోకూడదు, అవి ఊడివచ్చేవి. హ్యాండిల్ రబ్బరు తొడుగులు జారుతున్నాయేమో ముందే చూసుకోవాలి. బ్యాటరీతో నడిచే వీల్‌చైర్ మాత్రం దానికదే ఒక మనిషి కంటే బరువుండవచ్చు. దాన్ని వదిలేయాలి, మనిషిని వేరే కుర్చీలోకి మార్చాలి.

ఆగడం అంటే మరచిపోవడం కాదు

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్‌లో జరిగిన రెండు సంఘటనలు ఈ విషయంలో చాలా చెబుతాయి. జాన్ అబ్రుజ్జో అనే వీల్‌చైర్ ఉద్యోగి 69వ అంతస్తులో పనిచేసేవారు. 1993లో అదే భవనంలో బాంబు పేలినప్పుడు తోటివాళ్లు ఆయన్ను వీల్‌చైర్‌తో సహా దించడానికి కొన్ని గంటలు పట్టింది. ఆ అనుభవం తర్వాత అక్కడ ఇవాక్యుయేషన్ కుర్చీలు తెచ్చిపెట్టారు. దాని అడుగున మెట్ల అంచుల మీద జారే పట్టీలు ఉంటాయి. కూర్చున్నవారి బరువుకే ఆ పట్టీలు మెట్టును పట్టుకుని వేగాన్ని అదుపు చేస్తాయి, ఎత్తే పని ఉండదు. 2001లో పదిమంది సహోద్యోగులు వంతులు వేసుకుని సుమారు గంటన్నరలో ఆయన్ను కిందికి చేర్చారు. అందరూ బతికారు.

అదే టవర్ 27వ అంతస్తులో మరో వీల్‌చైర్ ఉద్యోగి ఎడ్ బేయా సాయం కోసం ఎదురుచూశారు. స్నేహితుడు ఏబ్ జెల్మనోవిట్జ్ ఆయన్ను వదిలి వెళ్లనన్నాడు. టవర్ కూలినప్పుడు ఇద్దరూ చనిపోయారు. ఆగమని చెప్పడం తేలిక. ఆగిన మనిషి దగ్గరకు ఎవరు, ఎప్పుడు, దేనితో వస్తారో ముందే ఖాయం కాకపోతే ఆ ఆగడం రక్షణ కాదు.

అందువల్ల ఎదురుచూసేటప్పుడు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, ఒకరైనా ఆయన దగ్గరే ఉండాలి. మరో సమర్థుడు ఉంటే, దారి శుభ్రంగా ఉంటేనే, కిందికి వెళ్లి ఫైర్ అధికారికి స్వయంగా చెప్పాలి. రెండోది, ఫోన్‌లో ఏం చెప్పాలో ముందే రాసి ఉంచుకోవాలి: "బీ బ్లాక్, ఏడో అంతస్తు, 704, తూర్పు వైపు చివరి పడకగది. ఇద్దరు పెద్దవాళ్లున్నారు. ఒకరు వీల్‌చైర్‌లో, నడవలేరు, 62 కిలోలు, కుడి వైపు పక్షవాతం. లోపల పొగ లేదు." ఈ వివరాలు వింటేనే వచ్చే సిబ్బంది ఎంతమందిని, ఏ సామగ్రితో, ఏ మెట్ల దారిన పంపాలో నిర్ణయించగలరు. గది మారితే మళ్లీ ఫోన్ చేయాలి. మూడోది, బాల్కనీ నుంచి రంగు దుప్పటి వేలాడదీయడం, రాత్రయితే టార్చి ఊపడం. కింద గుంపులో అరుపులు వినిపించవు, దుప్పటి కనిపిస్తుంది.

మెట్ల గదిలోనో ఫైర్ లిఫ్ట్ ముందున్న లాబీలోనో ఆగితే వీల్‌చైర్‌ను మూలకు పెట్టి బ్రేకులు వేయాలి. దిగేవాళ్లకు అడ్డు రాకూడదు, పైకి వచ్చే ఫైర్ సిబ్బంది గొట్టాలకూ దారి ఉండాలి. ఆ లిఫ్ట్‌ను సిబ్బంది తమ తాళంతో నడిపినప్పుడే అందులో ఎక్కాలి.

ఎప్పటిదాకా ఆగాలన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి. తలుపు సందులోంచి పొగ ఆగకుండా వస్తుంటే, తలుపు పైభాగం తాకితే చురుక్కుమంటుంటే, గది పైకప్పు దగ్గర చేరిన పొగ పొర కిందికి దిగుతుంటే ఆ చోటు చేజారుతోందని అర్థం. అప్పుడు తర్వాతి చోటికి, అంటే మరో గదికి, ఆవలి బాల్కనీకి, పొరుగు ఫ్లాట్‌కు జరగాలి. గాలి కోసం కిటికీ తెరవవచ్చు గానీ అద్దం పగలగొట్టకూడదు. బయటి పొగ లోపలికి వస్తే పగిలిన కిటికీని మళ్లీ మూయలేం.

ఒక ఆదివారం సరిపోయే పని

సాధన చేయకుండా ఈ మోత ఏదీ కుదరదు. అయితే మొదటిసారే తాతయ్యను కూర్చోబెట్టకూడదు. ముందు ఖాళీ కుర్చీతో ఒక మెట్ల వరుస దిగండి. తర్వాత కుర్చీకి 25 కిలోల బియ్యం బస్తా కట్టి దిగండి. మూడోసారి ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఒకరిని కూర్చోబెట్టండి. అప్పుడే మలుపులో కుర్చీ తిరుగుతుందా, ఎవరి చేతులు ముందు నొప్పెడుతున్నాయి, చున్నీ ముడి ఎక్కడ జారుతోంది అన్నవి బయటపడతాయి. కుర్చీ కాలు గోడకు తగిలినా, రెండు మెట్ల వరుసలకే ముగ్గురూ అలసిపోయినా, ఆ ఇంటికి దించే ప్రణాళిక పనికిరాదని తేలుతుంది. అప్పుడు బాల్కనీ ప్రణాళికను గట్టి చేసుకోవాలి, లేదా పొరుగువారిలో ఇద్దరిని సాయానికి అడగాలి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ చేయాల్సింది కూడా స్పష్టమైనదే. మెట్లు దిగలేనివాళ్లున్న ఫ్లాట్ల పట్టిక ఒకటి గేటు దగ్గర సెక్యూరిటీ వద్ద ఉండాలి. ఫ్లాట్ నంబరు, ఏ వైపు గది, ఎంతమంది, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇవి చాలు. రోగాల వివరాలు అక్కర్లేదు, ఆ పట్టిక అందరికీ కనిపించేలా గోడకు అంటించకూడదు. ఫైరింజన్ లోపలికి రాగానే దాన్ని అధికారి చేతికి ఇవ్వాలి. అసోసియేషన్ డబ్బుతో ఒక ఇవాక్యుయేషన్ కుర్చీ కొని, పై అంతస్తు మెట్ల గదిలో పెట్టి, వాచ్‌మన్‌తో సహా నలుగురైదుగురికి నేర్పిస్తే ఎన్నో ఇళ్లకు అక్కరకొస్తుంది.

ఈ ప్రణాళికను కొడుకూ కోడలూ కూర్చుని తాతయ్య కోసం రాసేయకూడదు. ఆయన్నే అడగాలి. ఎక్కడ పట్టుకుంటే నొప్పెడుతుంది, ఎంతసేపు కూర్చోగలడు, ఎడమ చేతితో తనను తాను ఎంతవరకు ఆపుకోగలడు, ఏ గదిలో ఆగడం ఆయనకు నయం? ఆ శరీరం సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కంగారులో వచ్చిన ఫైర్ సిబ్బందికి "కుడి చెయ్యి పట్టుకోకండి, కుర్చీలోనే దించండి" అని చెప్పగలిగేది కూడా చాలాసార్లు ఆయనే. ఆ రెండు మాటలను ఆయన చేత నోటితో చెప్పించి, ఆయన మంచం తలవైపు గోడకూ, వీల్‌చైర్ వెనుక సంచీలోనూ రాసి పెట్టండి. మాట రాని స్థితిలో ఉన్నా అవి ఆయన తరఫున చెబుతాయి.